క్లినిక్ కోసం మూడు మడతల కరపత్రం: ఏ కాగితం, ఏ మడత?

కాకినాడ_అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడు కాకినాడలో మా వీధి చివర ఒక చిన్న క్లినిక్ నడుపుతున్నాడు. వచ్చేవారిలో ఎక్కువమంది షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్ళు. ప్రతిసారీ చూసిన బీపీ ఎంతో చిన్న చీటీ మీద రాసి ఇస్తాడు. తర్వాతి నెలలో ఆ చీటీ ఎవరి దగ్గరా ఉండదు. అందుకని మూడు మడతల కరపత్రం ఒకటి వేయించాలని అనుకున్నాం. పైన క్లినిక్ పేరు, వేళలు. లోపల ఎడమ భాగంలో మందులు వేసుకునే పద్ధతి. మిగిలిన రెండు భాగాల్లో పన్నెండు నెలల బీపీ, షుగరు రాసుకునే పట్టిక.

మా అబ్బాయి కంప్యూటర్లో దొరికిన ఒక నమూనాలో ఇదంతా కూర్చాడు. ఫైలు తీసుకుని ప్రెస్సుకు వెళ్తే, "ఏ సైజులో వేయాలి? ఏ మడత?" అని అడిగారు. మూడు మడతలంటే ఒకటే అనుకున్నాను, జవాబు చెప్పలేకపోయాను. కావలసినవి వెయ్యి ప్రతులు. కాగితం నిగనిగలాడుతూ ఉంటే బాగుంటుందని నా కోరిక. దయచేసి చెప్పండి.

ట్యూషన్_మాస్టారు

అమ్మా, ఇంత ఆలోచన అక్కర్లేదు. మా ట్యూషన్ సెంటరుకు ఏటా జూన్‌లో కరపత్రాలు వేయిస్తాం. పలుచటి రంగు కాగితం మీద ఒకవైపే అచ్చు, మడత లేనే లేదు. పేపరు వేసే కుర్రవాళ్ళకు ఇస్తే దినపత్రికల మధ్య పెట్టి ఇంటింటికీ చేరుస్తారు. వెయ్యి కాదు, అయిదు వేలు వేయించండి. కాలనీ అంతటికీ తెలుస్తుంది.

మిర్యాలగూడ_డాక్టర్

మాస్టారు చెప్పిన పద్ధతి ట్యూషన్‌కు సరిపోతుంది, డాక్టరుకు సరిపోదు. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం రోగులను రమ్మని ప్రకటనలతో ఆహ్వానించడం తప్పు. ప్రాక్టీసు మొదలుపెట్టడం, చిరునామా మారడం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం పత్రికలో మామూలు ప్రకటన ఇచ్చుకోవచ్చు. అయినా అక్కగారు అడిగినది అది కాదు. వచ్చిన రోగి చేతికి ఇచ్చే కాగితం గురించి అడుగుతున్నారు. దాని మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం మరిచిపోకండి. ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద అది ఎలాగూ ఉండాలి, దీని మీదా ఉంటే మంచిది.

నా అనుభవం ఒకటి చెబుతాను. మూడేళ్ళ క్రితం మా క్లినిక్‌కు ఇలాంటిదే 170 జీఎస్ఎం గ్లాసీ ఆర్ట్ పేపరు మీద డిజిటల్‌లో వేయించాను. ముఖపత్రం అంతా ముదురు నీలం. చేతికి వచ్చిన రోజు ఎంతో అందంగా ఉంది. పదిహేను రోజులు తిరిగేసరికి మడత దగ్గర రంగు రాలి తెల్లటి గీత పడింది. ఇంకొన్నాళ్ళకు ఆ గీత చిరుగు పట్టింది. అందుకే ఆ నిగనిగ వద్దని నా సలహా.

పాత_ప్రెస్సు

డాక్టరుగారి కాగితం అలా పగలడానికి కారణం నిగనిగ ఒక్కటే కాదు. డిజిటల్ యంత్రంలో రంగు కాగితంలోకి ఇంకదు, పైన పొరలా అతుక్కుంటుంది. మడత పెడితే ఆ పొర విరుగుతుంది. దానికి తోడు 170 జీఎస్ఎం మందాన్ని ముందు క్రీజింగ్ వేయకుండా, అంటే మడత పడే చోట గాడి నొక్కకుండా, చేత్తో మడిచి ఉంటారు. కాగితం పీచుకు అడ్డంగా మడత పడి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

పీచు ఎటు ఉందో తెలుసుకోవడం సులువు. అదే కాగితం ముక్కను నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. పీచు వెంట చింపితే దాదాపు తిన్నగా వస్తుంది. అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. మన మడత ఆ తిన్నగా చిరిగిన దిక్కుకు సమాంతరంగా ఉండాలి.

ఇక అక్కగారి ప్రశ్నకు వద్దాం. మా కాలంలో ఇలాంటి పని అంతా డెమ్మీ పావులో చేసేవాళ్ళం. 18 అంగుళాలకు 23 అంగుళాల డెమ్మీ షీటును నాలుగు చేస్తే వచ్చే ముక్క. ఏ4 కూడా అందులోనే వస్తుంది, కాగితం వృథా కాదు. మీ ఊరి ప్రెస్సు వాళ్ళకూ డెమ్మీ షీటు అలవాటై ఉంటుంది.

గీతలు_కొలతలు

పాత_ప్రెస్సు గారూ, పీచు గురించి మీరు చెప్పిన ప్రతి మాటా నిజం. ఏ4 విషయంలో మాత్రం ఒకసారి కొలిచి చూడండి. డెమ్మీ షీటును నాలుగు చేస్తే ముక్క 9 అంగుళాలకు 11.5 అంగుళాలు. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 11.7 అంగుళాలు. అయిదు మిల్లీమీటర్లు చాలదు. పైగా అంచుల దాకా రంగు ఉంటే కత్తిరింపుకు ప్రతి వైపూ మూడు మిల్లీమీటర్లు అదనంగా కావాలి. ఏ4 కావాలంటే 18కి 25 షీటు తీసుకోవాలి, దానిలో నాలుగు హాయిగా వస్తాయి. డెమ్మీ పావులో వచ్చేది సుమారు 8.5కు 11 అంగుళాల కాగితమే.

అక్కగారూ, సైజు కంటే ముందు మడత తేల్చుకోండి. మీ పట్టిక ఎక్కడ పడుతుందో మడతే నిర్ణయిస్తుంది. ఇంట్లో ఉన్న తెల్ల ఏ4 కాగితం ఒకటి తీసుకుని అడ్డంగా పెట్టుకోండి. లోపలి మూడు భాగాల మీద ఎడమ నుంచి 'మందులు', 'పట్టిక 1', 'పట్టిక 2' అని రాయండి. ముందు కుడి రెక్కను లోపలికి మడవండి. దాని మీదికి ఎడమ రెక్కను తెచ్చి మూయండి. ఇది ఉత్తరం మడత. ఇప్పుడు పైన కనిపించేదే మీ ముఖపత్రం. ముఖపత్రం తెరవగానే ఎడమ చేతివైపు 'మందులు', కుడి చేతివైపు లోపలికి మడిచిన రెక్క వీపు కనిపిస్తాయి. పట్టిక ఇంకా లోపలే ఉంది.

కాగితం విప్పి, అదే కుడి రెక్కను ఈసారి వెనక్కి మడవండి, ఎడమ రెక్కను ముందుకే మూయండి. ఇది జెడ్ మడత. తిప్పి వెనక చూడండి.

కాకినాడ_అక్క

చేసి చూశాను. జెడ్ మడతలో 'పట్టిక 2' వెనకవైపు బయటికి వచ్చేసింది!

గీతలు_కొలతలు

అదే నేను చూపించాలనుకున్నది. జెడ్ మడతలో ముఖపత్రం, వెనక పేజీ కాగితానికి ఒకే వైపున ఉండవు. లోపలి మూడో భాగమే బయట వెనక పేజీ అవుతుంది. మీ రోగి తన షుగరు ఎంతో రాసుకున్న భాగం సంచిలో రుద్దుకుంటుంది, మాసిపోతుంది, బస్సులో పక్కవాళ్ళకూ కనిపిస్తుంది. ఉత్తరం మడతలో లోపలి మూడు భాగాలూ లోపలే ఉంటాయి. రాసుకునే పట్టిక ఉన్న కాగితానికి నేను ఉత్తరం మడతే ఎంచుకుంటాను.

జెడ్ మడత చెడ్డదని కాదు. గాయానికి కట్టు మార్చే పద్ధతి లాంటిది ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పాలంటే దానికి మించినది లేదు. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఒకేసారి తెరుచుకుంటుంది.

నర్సు_పద్మజ

నేను పదేళ్ళుగా పెద్దవాళ్ళ మధ్య పనిచేస్తున్నాను. ఉత్తరం మడతతో ఒక ఇబ్బంది ఉంది. విప్పిన తర్వాత వాళ్ళు మళ్ళీ అదే క్రమంలో మడవరు. ముఖపత్రం రెక్కను ముందు మూసి, చిన్న రెక్కను దాని మీదికి తెస్తారు. అప్పుడు క్లినిక్ పేరు లోపలికి పోతుంది, ఆ రెక్క సరిగ్గా కూర్చోదు. నెల తిరిగేసరికి కాగితం ఉబ్బి ఉంటుంది. జెడ్ మడతలో పొరపాటుకు అంత చోటు లేదు. పట్టికను అటువైపు జరిపి, వెనక పేజీకి వచ్చే భాగంలో వేళలు వేస్తే సరిపోదా?

గీతలు_కొలతలు

పద్మజగారూ, మీరు కళ్ళతో చూసి చెబుతున్నారు, కాదనలేను. అలా చేస్తే పట్టిక ఎడమ, మధ్య భాగాల్లో పడుతుంది. జెడ్ మడతలో ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుగా లోపలే ఉంటాయి కాబట్టి దాపరికం దక్కుతుంది. అయితే 'మందులు' అవతలి వైపుకు వెళ్ళాలి. మందుల వేళ చూసుకుంటూ పట్టిక రాసుకోవాలంటే రోగి కాగితం తిప్పాలి. ఏది ఎక్కువ ఇబ్బందో అక్కగారు తమ రోగులను చూసి తేల్చుకోవాలి. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళ చేతికి రెండు నమూనాలూ ఇచ్చి, విప్పి మళ్ళీ మడవమని చూడండి.

మూడు_సమానం

మడత ఏదైనా కొలత మాత్రం సులువే. 297ను మూడుతో భాగిస్తే 99. ఫైలులో 99 దగ్గర ఒక గీత, 198 దగ్గర ఒక గీత పెట్టుకుంటే చాలు. నేను మా అపార్ట్‌మెంట్ సంఘానికి అలాగే చేశాను, బాగానే వచ్చింది.

గీతలు_కొలతలు

మీది జెడ్ మడత అయి ఉంటుంది. దానికి 99 చొప్పున మూడూ సమానంగా ఉండడమే సరైనది. ఉత్తరం మడతలో ఒక రెక్క మిగిలిన రెండింటి మధ్యకు వెళ్ళాలి. అది కూడా 99 ఉంటే కొస వెళ్ళి మడత మూలకు తగులుతుంది. కాగితం ఉబ్బుతుంది లేదా ఆ కొస నలిగి వంగుతుంది. చేత్తో చేసిన ఒక్క ప్రతిలో తెలియకపోవచ్చు, వెయ్యి ప్రతుల కట్టలో తప్పక తెలుస్తుంది. కాబట్టి లోపలికి వెళ్ళే రెక్క 97, మిగిలిన రెండూ 100 చొప్పున పెట్టాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కాగితం రెండు వైపులా కొలతలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. లోపలి వైపు ఎడమ నుంచి 100, 100, 97. బయటి వైపు ఎడమ నుంచి 97, 100, 100. రెండు వైపులా ఒకే వరస పెడితే ఒకవైపు గీతలు మడత మీద పడవు, మూడు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతాయి. అక్షరాల పక్కన ఏడెనిమిది మిల్లీమీటర్ల ఖాళీ వదిలి ఉంటే అంతగా కనిపించదు. రంగుల పట్టీ మడత దగ్గర మారితే మాత్రం వెంటనే కనిపిస్తుంది.

హ్యూస్టన్_ఫార్మసీ

నేను హ్యూస్టన్‌లో ఫార్మసీలో పనిచేస్తున్నాను. ఇలాంటి కాగితాలు మా కౌంటర్ మీద ఎప్పుడూ ఉంటాయి. అక్కగారు రాసిన మొదటి పోస్టులో ఒక మాట దగ్గర ఆగాను. అబ్బాయి కంప్యూటర్లో దొరికిన నమూనా వాడాడు అన్నారు. అలా దొరికేవాటిలో చాలా వరకు ఇక్కడి లెటర్ సైజుకు చేసినవి. ఏ4 కంటే పొడవు తక్కువ, వెడల్పు కొంచెం ఎక్కువ. ఫైలు కొలత ఎంతుందో ఒకసారి చూసి చెప్పండి. 279కి 216 మిల్లీమీటర్లు ఉంటే అనుమానం నిజమే.

కాకినాడ_అక్క

ఇప్పుడే అబ్బాయి చేత చూపించాను. 11 అంగుళాలకు 8.5 అంగుళాలు అని ఉంది. మరి ఇంట్లో ప్రింటరు మీద ఏ4 కాగితానికే వేసుకున్నాం, బాగానే వచ్చిందే?

హ్యూస్టన్_ఫార్మసీ

ప్రింటు చేసేటప్పుడు `Fit` అని ఎంచుకుని ఉంటారు. 216 వెడల్పు 210లో పట్టడానికి అది మొత్తం బొమ్మను తగ్గిస్తుంది. అప్పుడు పొడవు 279 కాస్తా దాదాపు 272 అవుతుంది. కాగితం 297 కదా, రెండు కొసల్లో పన్నెండేసి మిల్లీమీటర్ల తెల్లటి ఖాళీ మిగిలి ఉంటుంది. ఆ కాగితాన్ని కొలిచిన చోట మడిస్తే గీతలకూ మడతలకూ పొత్తు కుదరదు. `Actual size` పెట్టి చూడండి, పైనా కిందా అంచులు తెగిపోయి కనిపిస్తాయి.

కాకినాడ_అక్క

మీరు చెప్పినట్టే ఉంది. రెండు కొసల్లో తెల్లటి పట్టీ కనిపిస్తోంది. మేము దాన్ని మార్జిన్ అనుకున్నాం. అబ్బాయి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, కానీ వెయ్యి ప్రతులు వేయించక ముందే తెలిసింది.

పాత_ప్రెస్సు

గీతలు_కొలతలు గారు సరిదిద్దినది ఒప్పుకుంటున్నాను. నేను చెప్పింది డెమ్మీ పావు, అది ఏ4 కాదు. అక్కగారూ, అబ్బాయిని ఏమీ అనకండి. 8.5కు 11 అంటే అచ్చంగా డెమ్మీ పావు కత్తిరించిన కొలతే. ఫైలు మార్చకుండా డెమ్మీలోనే వేయించండి. ముక్క 9కి 11.5 ఉంటుంది కాబట్టి అంచు రంగుకు కావలసిన మూడు మిల్లీమీటర్లకూ చోటు ఉంది. రెక్క 92, మిగిలినవి 93న్నర చొప్పున పెడితే ఉత్తరం మడత కుదురుతుంది.

గీతలు_కొలతలు

కుదురుతుంది, కాదనను. పట్టిక ఉన్న రెండు భాగాల వెడల్పు 197 నుంచి 185కు తగ్గుతుంది. తేదీ, బీపీ, పరగడుపు షుగరు, తిన్న తర్వాత షుగరు, మందు మార్పు అని అయిదు గళ్ళు కావాలి. 'మందు మార్పు' గడిలో డాక్టరు చేతిరాత పట్టాలి. ఆ పన్నెండు మిల్లీమీటర్లు నాకు విలువైనవే. తెలుగు మాటలు పొడుగు. ఇరుకు ప్యానెల్‌లో వరుసకు మూడు నాలుగు మాటలే పడతాయి. అందుకే రెండు అంచులూ సమం చేయకండి, మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. ఎడమ అంచు సమంగా ఉంచి కుడివైపు వదిలేయండి. ఒత్తులూ గుణింతాలూ ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషులో కంటే ఎక్కువ కావాలి.

పట్టిక మడతను దాటుతుంది కాబట్టి నిలువు గీత ఒకటి సరిగ్గా మడత మీద పడేలా గళ్ళు పంచుకోండి. గడి మధ్యలో మడత పడితే పెన్ను గాడిలో దిగుతుంది, అంకె చెడుతుంది.

మిర్యాలగూడ_డాక్టర్

రాయడం గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు. గ్లాసీ కాగితం మీద బాల్ పెన్ జారుతుంది, రాసిన సిరా చేతికి అంటుకుంటుంది. మా కాగితం వెనక తర్వాత రావలసిన తేదీ రాయబోతే నాకు అదే జరిగింది. పూత లేని కాగితం తీసుకోండి.

పాత_ప్రెస్సు

మ్యాప్‌లితో అని అడగండి, 100 జీఎస్ఎం. డెబ్బై, ఎనభై తీసుకుంటే వెనక అచ్చు ఇటు కనిపిస్తుంది. నూట ఇరవై అయినా ఫరవాలేదు, మడత కొంచెం మొండికేస్తుంది. వంద అయితే క్రీజింగ్ లేకుండా చేత్తో మడవచ్చు. ముఖపత్రం మీద ముదురు రంగు నిండుగా పరచకండి. దాని వీపున 'మందులు' భాగం ఉంది, అక్కడ నీడలా కనిపిస్తుంది. వెయ్యి ప్రతులకు ఒకటో రెండో రంగుల్లో ఆఫ్‌సెట్ మీద వేయించండి, సిరా కాగితంలోకి ఇంకుతుంది, మడత దగ్గర పొరలా రాలదు.

నర్సు_పద్మజ

ఇంకొక్క మాట. మడిచాక ఇది 210 మిల్లీమీటర్ల పొడుగు ఉంటుంది. చొక్కా జేబులో పట్టదు. మగవాళ్ళు దాన్ని మధ్యకు మళ్ళీ ఒకసారి మడుస్తారు. ఎంత చెప్పినా మడుస్తారు. కాబట్టి సరిగ్గా మధ్యలో, 105 దగ్గర, ఫోను నంబరు లాంటిది పెట్టకండి. ఆరు నెలల్లో చెరిగిపోయేది అదే.

ట్యూషన్_మాస్టారు

నేను ప్రశ్నను సరిగ్గా చదవలేదు, మన్నించండి. అయితే ఒక సందేహం. జేబులో పట్టాలంటే ఏ5ను మూడు మడతలు చేయవచ్చు కదా?

గీతలు_కొలతలు

చేయవచ్చు. 70కి 148 అవుతుంది, మడతపెట్టిన బస్సు టికెట్టులా జేబులో ఇమిడిపోతుంది. వేళలు, ఫోను నంబరు మాత్రమే అయితే అదే బాగుంటుంది. పన్నెండు వరుసల పట్టికకు మాత్రం వరుసకు తొమ్మిది పది మిల్లీమీటర్లకు మించి ఎత్తు దొరకదు. ఏ4లో పైన శీర్షికకు ముప్పై వదిలినా వరుసకు పద్నాలుగు దొరుకుతుంది. చూపు మందగించినవాళ్ళు చదవాలి కదా.

కాకినాడ_అక్క

మూడు రోజులుగా మీరు చెప్పినవన్నీ చేసి చూశాం. అబ్బాయి ఫైలును ఏ4కు మార్చి, లోపల 100, 100, 97, బయట 97, 100, 100 పెట్టాడు. ఇంట్లో రెండు వైపులా వేయడానికి మొదట లాంగ్ ఎడ్జ్ ఎంచుకున్నాం, వెనకవైపు తలకిందులుగా వచ్చింది. `Flip on short edge` పెడితే సరిపోయింది.

డెమ్మీ కాకుండా ఏ4 ఎంచుకోవడానికి మా తమ్ముడు చెప్పిన కారణం వేరు. అచ్చు ప్రతులు అయిపోతే క్లినిక్ పక్కన జెరాక్స్ షాపులో నాలుగు తీయించుకోవచ్చు, అక్కడ దొరికేది ఏ4 కాగితమే. ప్రెస్సు వాళ్ళు 18కి 25 మ్యాప్‌లితో రెండు రోజుల్లో తెప్పిస్తామన్నారు.

పద్మజగారు అన్నట్టు రెండు మడతల నమూనాలూ అయిదుగురు పెద్దవాళ్ళకు ఇచ్చి చూశాను. ఉత్తరం మడతను ముగ్గురు తప్పుగా మడిచారు. జెడ్ మడతను అందరూ సరిగ్గానే మడిచారు, కానీ వారిలో ఒక ఆవిడ వెనక్కి తిప్పి మందుల భాగం చూడనే లేదు, అలాంటిది ఉందని కూడా గమనించలేదు. మందులు కనబడకపోతే కాగితం వేయించి లాభం లేదని మా తమ్ముడు ఉత్తరం మడతకే మొగ్గాడు. తప్పుగా మడవకుండా ఏమైనా చేయగలమా?

నర్సు_పద్మజ

లోపలికి వెళ్ళే రెక్క బయటి ముఖం మీద, పై మూలలో, 'ముందు ఈ రెక్క మూయండి' అని పెద్ద అక్షరాల్లో వేసి ఒక బాణం గుర్తు పెట్టండి. పట్టిక వైపు కాకుండా అటువైపే పెట్టాలి. రెక్క మూశాక కళ్ళకు కనిపించేది ఆ ముఖమే. సరిగ్గా మూశారో లేదో వాళ్ళకే తెలుస్తుంది. అయినా నాకు పూర్తి నమ్మకం లేదు. మొదటి రెండు వందలు ఇచ్చాక ఎన్ని ఉబ్బి తిరిగి వచ్చాయో లెక్క పెట్టి ఇక్కడ రాయండి.

పాత_ప్రెస్సు

వెయ్యీ ఒకేసారి మడిపించకండి. అచ్చు వేయించి, మూడు వందలు మడిపించి, మిగతావి పరిచిన షీట్లుగానే ఉంచుకోండి. మనసు మార్చుకుంటే, 97, 100 తేడా ఉన్నా జెడ్‌గా మడవవచ్చు, ఒక అంచు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది, అంతే. కాకపోతే మీ పట్టిక రెండో సగం మళ్ళీ బయటికి వస్తుంది.